చిన్న జలవిద్యుత్ స్థలానికి ఏ టర్బైన్: హెడ్, ప్రవాహం చెప్పేదెంత, చెప్పనిదెంత

చిన్న జలవిద్యుత్ కేంద్రానికి టర్బైన్ ఎంచుకునేటప్పుడు చాలామంది ముందుగా తీసేది తయారీదారులు ఇచ్చే ఎంపిక పటం. దానిలో ఒక అక్షం మీద హెడ్, అంటే నీరు పడే ఎత్తు, మీటర్లలో ఉంటుంది. రెండో అక్షం మీద ప్రవాహం సెకనుకు ఘనమీటర్లలో ఉంటుంది. ఈ రెండు అంకెలూ కలిసే చోట ఒక చుక్క పెట్టి, అది ఏ టర్బైన్ పరిధిలో పడిందో చూస్తారు. హెడ్ 300 మీటర్లుండి ప్రవాహం కొద్దిగా ఉంటే ఆ చుక్క పెల్టన్ పరిధిలో నిస్సందేహంగా పడుతుంది. హెడ్ 4 మీటర్లుండి ప్రవాహం భారీగా ఉంటే అక్షీయ ప్రవాహ టర్బైన్ తప్ప వేరే దారి ఉండదు. చిక్కంతా మధ్యలో, సుమారు 30 మీటర్ల నుంచి 100 మీటర్ల హెడ్ ఉన్న స్థలాల్లో వస్తుంది. అక్కడ ఒకే చుక్క మీద ఫ్రాన్సిస్, క్రాస్‌ఫ్లో, టర్గో, బహుళ నాజిళ్ల పెల్టన్ పరిధులు ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉంటాయి. తూర్పు కనుమల్లోని కొండవాగుల మీద దొరికే చిన్న స్థలాలు ఎక్కువగా ఈ మధ్య పరిధిలోకే వస్తాయి కాబట్టి, అలాంటి ఒక స్థలాన్ని ఊహించుకుని లెక్క చివరిదాకా వేసి చూడడం ఉపయోగకరం.

సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉన్న ఒక కొండవాగును తీసుకుందాం. నీరు మళ్లించే చోటికీ పవర్‌హౌస్ దగ్గర వాగు నీటిమట్టానికీ మధ్య మొత్తం ఎత్తు తేడా 63 మీటర్లు. నీటిని కిందికి తెచ్చే పెన్‌స్టాక్ గొట్టం 300 మీటర్ల పొడవు, 650 మిల్లీమీటర్ల వ్యాసం. సెకనుకు 0.8 ఘనమీటర్లు పారేటప్పుడు ఆ గొట్టంలో నీటి వేగం 2.4 మీటర్లుంటుంది. ఘర్షణ వల్ల దాదాపు 2 మీటర్ల హెడ్, వంపుల్లో, వాల్వులో, చెత్తను ఆపే జల్లెడ దగ్గర కలిపి ఇంకొక మీటరు పోతుంది. టర్బైన్ ముఖద్వారం దగ్గర మిగిలే 60 మీటర్లే నికర హెడ్, ఎంపికకు వాడవలసిన అంకె కూడా ఇదే. ఈ నష్టం ప్రవాహపు వర్గానికి అనుపాతంలో మారుతుంది. అందువల్ల వేసవిలో 0.12 ఘనమీటర్లు మాత్రమే పారేటప్పుడు అది 10 సెంటీమీటర్లకు లోపే ఉండి, నికర హెడ్ దాదాపు 63 మీటర్లకు చేరుతుంది. కింది లెక్కల్లో సౌలభ్యం కోసం ఏడాది పొడవునా 60 మీటర్లే తీసుకున్నాం. దానివల్ల వచ్చే తేడా పోలికను తారుమారు చేసేంత పెద్దది కాదు.

ప్రవాహం విషయంలో ఒక్క అంకె ఎప్పుడూ సరిపోదు. ఈ వాగులో దిగువకు తప్పనిసరిగా వదలవలసిన నీటిని తీసివేశాక, జులై నుంచి అక్టోబరు వరకు 0.8 ఘనమీటర్లు లేక అంతకంటే ఎక్కువ, నవంబరు డిసెంబరుల్లో 0.45, జనవరి ఫిబ్రవరుల్లో 0.25, మార్చి నుంచి జూన్ వరకు 0.12 దొరుకుతుందని అనుకుందాం. నిజమైన స్థలంలో ఇది మెట్లుమెట్లుగా కాక ఒక వాలు గీతగా ఉంటుంది, ఏడాదికేడాది మారుతుంది కూడా. ఇంజనీర్లు రోజువారీ కొలతలను పెద్దదాని నుంచి చిన్నదానికి వరుసగా పేర్చి, ఏ ప్రవాహం ఏడాదిలో ఎంత శాతం కాలం దొరుకుతుందో చూపే వక్రరేఖ గీస్తారు. వానాకాలంలో ఒక్కసారి వెళ్లి కొలిచిన అంకెతో టర్బైన్ ఆర్డరిచ్చిన చోట ఆ యంత్రం ఏడాదిలో సగానికి పైగా ఖాళీగా నిలబడే ప్రమాదం ఉంది.

ఇక యంత్రం దగ్గరికి వద్దాం. సెకనుకు 0.8 ఘనమీటర్ల నీరు 60 మీటర్ల నుంచి పడితే, 9.81 ను 0.8 తోనూ 60 తోనూ గుణించగా 471 కిలోవాట్ల జలశక్తి వస్తుంది. టర్బైన్ దక్షత 88 శాతమైతే షాఫ్టు మీద 414 కిలోవాట్లు దొరుకుతాయి. ఈ శక్తిని ఏ వేగంతో తిరిగే యంత్రం ఇవ్వగలదన్నది తర్వాతి ప్రశ్న. మన గ్రిడ్ 50 హెర్ట్జ్‌ది కాబట్టి నేరుగా జోడించిన జనరేటర్ 1500, 1000, 750, 600, 500 ఆర్‌పీఎం వంటి కొన్ని నిర్ణీత వేగాల్లోనే తిరగాలి. వేగం తగ్గేకొద్దీ జనరేటర్‌లో ధ్రువాల సంఖ్య పెరుగుతుంది, దానితో బరువూ ధరా పెరుగుతాయి. హెడ్, శక్తి, వేగం ఈ మూడింటినీ ఒక్క అంకెలోకి తెచ్చేదే విశిష్ట వేగం, అంటే స్పెసిఫిక్ స్పీడ్:

```
Ns = N × √P / H^(5/4)
```

ఇందులో N ఆర్‌పీఎంలో, P కిలోవాట్లలో, H మీటర్లలో ఉండాలి. పాత పుస్తకాలు హార్స్‌పవర్‌తో లెక్కిస్తాయి. అప్పుడు అంకె దాదాపు 17 శాతం పెద్దదవుతుంది కాబట్టి, రెండు చోట్ల నుంచి తెచ్చిన పరిధులను కలిపి చదివితే ఎంపిక తప్పుతుంది. కిలోవాట్ల లెక్కలో పెల్టన్‌కు ఒక్కో నాజిల్‌కు సుమారు 10 నుంచి 30 వరకు, ఫ్రాన్సిస్‌కు 60 నుంచి 350 వరకు, అక్షీయ ప్రవాహ టర్బైన్లకు 300 నుంచి 1000 వరకు, కొన్నిసార్లు అంతకు మించి కూడా ఉంటుంది. ఇవి ఖచ్చితమైన సరిహద్దులు కావు, తయారీదారును బట్టి కొంత అటూ ఇటూ అవుతాయి.

మన స్థలానికి 1000 ఆర్‌పీఎం తీసుకుంటే విశిష్ట వేగం 122 వస్తుంది, అంటే ఫ్రాన్సిస్ పరిధిలో హాయిగా ఇమిడిపోతుంది. అదే ఒక్క నాజిల్ పెల్టన్‌తో ఏమవుతుందో కొలతల్లోనే చూడవచ్చు. 60 మీటర్ల హెడ్‌కు నాజిల్ నుంచి వెలువడే నీటిధార వేగం సెకనుకు 33 మీటర్లకు కాస్త పైన ఉంటుంది. 0.8 ఘనమీటర్ల నీరూ ఒకే ధారగా రావాలంటే దాని వ్యాసం 175 మిల్లీమీటర్లు కావాలి. బకెట్లు ధారను సరిగా మలుపు తిప్పాలంటే టర్బైన్‌లో తిరిగే చక్రమైన రన్నర్ వ్యాసం ధార వ్యాసానికి కనీసం 10 రెట్లుండడం మంచిది, అంటే 1.75 మీటర్లు. బకెట్లు ధార వేగంలో సగానికి కొద్దిగా తక్కువగా కదలాలి కాబట్టి ఆ రన్నర్ 172 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంది. 400 కిలోవాట్ల యంత్రానికి ఇంత పెద్ద చక్రం, ఇంత నెమ్మది వేగం ఎవరికీ గిట్టుబాటు కాదు. నీటిని ఆరు నాజిళ్లకు పంచితే ఒక్కో ధార 72 మిల్లీమీటర్లకు దిగుతుంది, 80 సెంటీమీటర్ల రన్నర్ సరిపోతుంది, వేగం 375 ఆర్‌పీఎంకు చేరుతుంది. ఇప్పుడు అది సాధ్యమైన యంత్రమే. అయితే ఆరు నాజిళ్లు, వాటి సూదులు, వాటికి నీరు పంచే గొట్టం, 16 ధ్రువాల జనరేటర్, వీటన్నిటికీ ఖర్చు పెట్టాలి. ధార పక్కనుంచి తాకే టర్గోలో రన్నర్ వ్యాసం ధారకు ఐదు రెట్లున్నా చాలు కాబట్టి, రెండు నాజిళ్లతోనే 500 ఆర్‌పీఎం అందుతుంది. క్రాస్‌ఫ్లో అయితే 40 సెంటీమీటర్ల రన్నర్ 775 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంది, బెల్టుతో జనరేటర్ వేగానికి పెంచుకోవచ్చు.

ఇక్కడితో ఆగితే ఫ్రాన్సిస్ గెలిచినట్టే. వేగం ఎక్కువ, యంత్రం చిన్నది, పూర్తి ప్రవాహం దగ్గర దక్షత అన్నిటికంటే మెరుగు. కానీ ఇవన్నీ 0.8 ఘనమీటర్లు పారే నాలుగు నెలల మాటలు. ఫ్రాన్సిస్‌లో గైడ్ వేన్లు నీటిని ఒక నిర్ణీత కోణంలో రన్నర్‌లోకి పంపుతాయి, రన్నర్ బ్లేడ్లు మాత్రం కదలవు. ప్రవాహం తగ్గించేందుకు గైడ్ వేన్లను మూసేకొద్దీ ఆ కోణం చెడిపోయి, నీరు రన్నర్ నుంచి బయటికి వచ్చేటప్పుడు కూడా సుడి తిరుగుతూ ఉంటుంది. రన్నర్ నుంచి నీటిని దిగువకు తీసుకుపోయే డ్రాఫ్ట్ ట్యూబ్ మధ్యలో ఆ సుడి ఒక మెలితిరిగిన తాడులా ఏర్పడి, రన్నర్ వేగంలో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు వేగంతో తిరుగుతుంది. 1000 ఆర్‌పీఎం యంత్రంలో ఇది సెకనుకు నాలుగైదు సార్లు వచ్చే కుదుపు. డ్రాఫ్ట్ ట్యూబ్‌కు బిగించిన ప్రెషర్ గేజ్ ముల్లు అదే లయలో ఊగుతుంది, కిలోవాట్ మీటర్ కూడా నిలకడగా ఉండదు, నేల మీద కాలు పెడితే అదురు తెలుస్తుంది. షాఫ్టు మధ్యలోంచి గానీ డ్రాఫ్ట్ ట్యూబ్ పైభాగంలోంచి గానీ కొద్దిగా గాలి పంపితే కొంత ఉపశమనం దొరుకుతుంది. అయినా డిజైన్ ప్రవాహంలో 40 శాతానికి దిగువన చిన్న ఫ్రాన్సిస్‌ను ఎక్కువకాలం నడపడం బేరింగులకూ రన్నర్‌కూ చేటు. మన వాగులో ఆ హద్దు 0.32 ఘనమీటర్ల దగ్గర పడుతుంది. కాబట్టి జనవరి నుంచి జూన్ చివరి వరకు, అంటే సరిగ్గా ఆరు నెలలు, ఒక్క ఫ్రాన్సిస్ ఆగిపోయి ఉంటుంది.

నీటిధార తాకిడితో రన్నర్ తిరిగే ఇంపల్స్ యంత్రాలకు, అంటే పెల్టన్, టర్గో, క్రాస్‌ఫ్లోలకు, ఈ బెడద లేదు. ఆరు నాజిళ్ల పెల్టన్‌లో నీరు తగ్గితే ఒక్కొక్క నాజిల్ మూసేస్తారు. తెరిచి ఉన్న నాజిల్ మాత్రం తన మంచి స్థితిలోనే పనిచేస్తుంది కాబట్టి, ఆరో వంతు ప్రవాహం దగ్గర కూడా దక్షత పెద్దగా పడిపోదు. క్రాస్‌ఫ్లోలో గైడ్ వేన్‌ను మూడో వంతు, మూడింట రెండు వంతులుగా రెండు భాగాలు చేస్తారు. నీరు తక్కువైతే చిన్న భాగం, మధ్యస్థంగా ఉంటే పెద్ద భాగం, నిండుగా ఉంటే రెండూ తెరుస్తారు. దాని గరిష్ఠ దక్షత 80 శాతం దగ్గరే ఆగినా, ఆ 80 దాదాపు ఆరో వంతు ప్రవాహం వరకు పెద్దగా తగ్గకుండా సాగుతుంది.

అయితే ఇంపల్స్ యంత్రాలకు వేరే నష్టం ఉంది, దాన్ని లెక్కల్లో మరచిపోవడం మామూలే. వాటి రన్నర్ గాలిలో తిరగాలి, వరద వచ్చినా టర్బైన్ వదిలిన నీరు బయటికి పారే టెయిల్‌రేస్‌లోని నీరు దాన్ని తాకకూడదు. అందుకని వాగు నీటిమట్టానికి రెండున్నర మీటర్ల పైన పెట్టామనుకుంటే, రన్నర్ నుంచి కిందికి పడే ఆ ఎత్తు వృథా. ఫ్రాన్సిస్‌లో డ్రాఫ్ట్ ట్యూబ్ ఆ ఎత్తును చూషణ రూపంలో తిరిగి రాబడుతుంది. 60 మీటర్లలో రెండున్నర అంటే 4 శాతం, ఓర్చుకోవచ్చు. 10 మీటర్ల హెడ్‌లో అదే రెండున్నర మీటర్లు 25 శాతం అవుతుంది. తక్కువ హెడ్ స్థలాల్లో పెల్టన్, టర్గో కనిపించకపోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

ఇవన్నీ కలిపి, జనరేటర్ నష్టాన్ని, క్రాస్‌ఫ్లోకు బెల్టు నష్టాన్ని కూడా తీసివేసి ఏడాది ఉత్పత్తి లెక్కిస్తే చిత్రం మారుతుంది. ఒక్క ఫ్రాన్సిస్ ఏడాదికి సుమారు 14.5 లక్షల యూనిట్లు ఇస్తుంది, అందులో 11.5 లక్షలు వానాకాలపు నాలుగు నెలల్లోనే. పూర్తి ప్రవాహం దగ్గర 8 శాతం తక్కువ దక్షత ఉన్న క్రాస్‌ఫ్లో, ఎత్తు నష్టాన్ని కూడా భరించి, 15.3 లక్షలు ఇస్తుంది. ఆరు నాజిళ్ల పెల్టన్ 17 లక్షలు దాటుతుంది. 0.55, 0.25 ఘనమీటర్ల రెండు అసమాన ఫ్రాన్సిస్‌లు పెడితే 17.7 లక్షల దాకా వస్తుంది, ఎందుకంటే వేసవిలో చిన్నది దాదాపు సగం ప్రవాహం మీద నడుస్తుంది. పెల్టన్‌కూ రెండు ఫ్రాన్సిస్‌లకూ మధ్య ఉన్న సుమారు నాలుగు శాతం తేడా ప్రవాహ కొలతల్లో ఉండే పొరపాటు కంటే చిన్నది, దాని మీద ఆధారపడి నిర్ణయం తీసుకోకూడదు. ఒక్క ఫ్రాన్సిస్‌కూ మిగతావాటికీ మధ్య తేడా మాత్రం నిజమైనదే. అది యూనిట్ల సంఖ్యలో కంటే నెలల్లో మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

ఉత్పత్తి గ్రిడ్‌కు పోయేటట్టయితే ఏ నెల యూనిట్‌కైనా సాధారణంగా ఒకే ధర కాబట్టి, రెండు ఫ్రాన్సిస్‌ల అదనపు వాల్వు, గవర్నర్, జనరేటర్, ప్యానెల్ ఖర్చును అదనపు యూనిట్లతో తూచి చూసుకోవచ్చు. అదే కేంద్రం గ్రిడ్ చేరని కొన్ని గూడేలకు కరెంటు ఇవ్వడానికైతే, ఏప్రిల్‌లో వచ్చే 40 కిలోవాట్లు ఆగస్టులో వచ్చే 400 కంటే విలువైనవి. అలాంటి చోట క్రాస్‌ఫ్లోకే మొగ్గాలని ఈ వ్యాసం అభిప్రాయం. దాని రన్నర్ రెండు పళ్లేల మధ్య వంచిన ఉక్కు పలకలను వెల్డింగ్ చేసినదే. ఒక మాదిరి వర్క్‌షాప్ కూడా దాన్ని బాగుచేయగలదు, ఫ్రాన్సిస్ రన్నర్‌ను అలా చేయలేదు.

ఇంకొక దారి ఉంది, దాన్ని చాలా నివేదికలు పరిశీలించవు. ప్రవాహాన్ని బట్టి టర్బైన్‌ను ఎంచుకున్నట్టే, టర్బైన్‌ను బట్టి డిజైన్ ప్రవాహాన్ని కూడా మార్చుకోవచ్చు. మన స్థలంలో 0.8 కి బదులు 0.5 ఘనమీటర్లకే ఒక్క ఫ్రాన్సిస్ పెడితే, దాని కింది హద్దు 0.2 కు దిగి, జనవరి ఫిబ్రవరుల్లో కూడా యంత్రం నడుస్తుంది. ఉత్పత్తి 11.9 లక్షల యూనిట్లకు తగ్గుతుంది. కానీ యంత్రం పరిమాణం 37 శాతం చిన్నదైతే ఉత్పత్తి తగ్గింది 18 శాతమే. పెన్‌స్టాక్ కూడా సన్నదవుతుంది. పెట్టుబడికి డబ్బు తక్కువగా ఉన్న చోట ఈ చిన్న కేంద్రమే ఎక్కువ ఫలితం ఇవ్వవచ్చు.

ఫ్రాన్సిస్‌నే నిర్ణయించుకున్నాక వేగం ఎంత అన్నది మిగులుతుంది. 1500 ఆర్‌పీఎం జనరేటర్ చవక కనుక సరఫరాదారు అటే లాగుతాడు. అప్పుడు విశిష్ట వేగం 183 అవుతుంది, అది ఫ్రాన్సిస్ పరిధిలోనే ఉన్నా కావిటేషన్ ముప్పు పెరుగుతుంది. రన్నర్ చివర పీడనం మరీ పడిపోతే నీరు ఆవిరి బుడగలై, ముందుకు పోయి పగిలి, లోహాన్ని గుంటలు గుంటలుగా తొలుస్తుంది. బయటికి గులకరాళ్లు లోపల కొట్టుకుంటున్న చప్పుడుగా అది వినిపిస్తుంది. 900 మీటర్ల ఎత్తున వాతావరణ పీడనం సుమారు 9.3 మీటర్ల నీటికి సమానం, వేడి నీటి ఆవిరి పీడనం దానిలోంచి మరో అర మీటరు వరకు తీసేస్తుంది. ఆ మిగిలినదానిలోంచి యంత్రానికి కావలసిన కనీస పీడనాన్ని తీసివేస్తే, 1000 ఆర్‌పీఎం రన్నర్‌ను వాగు నీటిమట్టానికి సుమారు 4.9 మీటర్ల పైన, 1500 ఆర్‌పీఎం రన్నర్‌ను 1.9 మీటర్ల పైన మాత్రమే పెట్టవచ్చని తేలుతుంది. భద్రత కోసం ఒక్కొక్కదానిలో మీటరు తగ్గించాలి. అంటే చవక జనరేటర్ కొన్నందుకు పవర్‌హౌస్ నేల మూడు మీటర్లు కిందికి, వరద నీటికి దగ్గరగా దిగుతుంది. గోడలు ఎత్తుగా, నీరు చొరబడకుండా కట్టాల్సిన ఖర్చు జనరేటర్‌లో మిగిల్చిన డబ్బును మింగేయవచ్చు.

ఇసుక కూడా లెక్కలోకి రావాలి. హిమాలయ నదుల్లో వానాకాలంలో క్వార్ట్జ్ రేణువులు ఫ్రాన్సిస్ గైడ్ వేన్లనూ రన్నర్ అంచుల దగ్గర నీరు కారకుండా ఆపే లాబిరింత్ సీళ్లనూ అరగదీస్తాయి. సట్లెజ్ మీద ఉన్న నాథ్‌పా ఝాక్రీ వంటి పెద్ద కేంద్రమే ఈ అరుగుదలతో సతమతమైంది. తూర్పు కనుమల వాగుల్లో ఆ స్థాయి ఒండ్రు ఉండకపోయినా, ఇసుకను దింపే తొట్టి చిన్నదిగా కడితే ఫలితం ఒకటే. పెల్టన్‌లో అరిగేది ముఖ్యంగా నాజిల్ ముఖం, సూది, బకెట్ల అంచు. అవి విప్పి మార్చుకోగల భాగాలు.

అక్షీయ ప్రవాహ టర్బైన్ స్వభావం తెలియాలంటే దాదాపు అంతే శక్తి ఉన్న ఒక కాలువ డ్రాప్‌ను, అంటే కాలువ నీరు మెట్టులా కిందికి దూకే చోటును, పక్కన పెట్టి చూడాలి. శ్రీరాంసాగర్ ప్రాజెక్టు కాకతీయ కాలువ మీద పెద్దపల్లి ప్రాంతంలోనూ, గోదావరి కాలువ మీద చెట్టిపేటలోనూ ఉన్న మినీ హైడల్ కేంద్రాలు ఇలాంటి డ్రాపులను వాడుకునేవే. ఉదాహరణకు నాలుగున్నర మీటర్ల డ్రాప్‌లో సెకనుకు 12 ఘనమీటర్లు పారితే జలశక్తి 530 కిలోవాట్లు. ఇక్కడ ఫ్రాన్సిస్ విశిష్ట వేగాన్ని దాని పై హద్దు 350 దగ్గర తీసుకున్నా అది 106 ఆర్‌పీఎంతో మాత్రమే తిరగగలదు, దానికి కావలసిన రన్నర్ భారీగా ఉంటుంది. అక్షీయ ప్రవాహ రన్నర్ అదే చోట 200 ఆర్‌పీఎంతో, 660 విశిష్ట వేగంతో సులువుగా నడుస్తుంది. గేర్‌బాక్స్ ద్వారా జనరేటర్‌ను 750 దగ్గర తిప్పుకోవచ్చు. బ్లేడ్లూ గైడ్ వేన్లూ రెండూ స్థిరంగా ఉండే ప్రొపెల్లర్ టర్బైన్ చవక, కానీ ప్రవాహం ముప్పావుకు తగ్గితే దక్షత వేగంగా జారిపోతుంది. సాగునీటి కాలువలో వారబందీ ప్రకారం నీరు మారుతూ ఉంటుంది కాబట్టి, బ్లేడ్ల కోణం మాత్రం మార్చుకోగల సెమీ కప్లాన్ ఇక్కడ సరైన రాజీ. బ్లేడ్లూ గైడ్ వేన్లూ రెండింటి కోణాలూ మార్చుకోగల పూర్తి కప్లాన్ ఈ పరిమాణంలో అరుదుగానే తన ధరకు తగిన ఫలితం ఇస్తుంది.

ఇక్కడ ప్రవాహం కంటే హెడ్ ఎక్కువ మోసం చేస్తుంది. కొండవాగులో దిగువ నీరు ఒక మీటరు పెరిగితే పోయేది రెండు శాతం లోపే. ఈ కాలువలో దిగువ మట్టం ఒక మీటరు పెరిగితే నాలుగున్నర మీటర్లలో 22 శాతం పోతుంది, అదీ కాలువ నిండా పారే రోజుల్లోనే. అందువల్ల దిగువ మట్టాన్ని వేర్వేరు ప్రవాహాల దగ్గర కొలవకుండా కాలువ కేంద్రానికి హెడ్ రాయకూడదు. మరో సంగతి, లోడ్ ఒక్కసారిగా పోతే కప్లాన్ తరహా రన్నర్ మామూలు వేగానికి రెండున్నర రెట్ల వరకు పరుగెత్తగలదు. గేర్‌బాక్స్ అవతల 750 దగ్గర తిరుగుతున్న జనరేటర్ అప్పుడు 1875 ఆర్‌పీఎం దాకా వెళ్తుంది. ఆ వేగాన్ని రోటర్ తట్టుకునేలా ఆర్డర్‌లోనే రాయాలి. టర్బైన్ మూసుకున్న మరుక్షణం 12 ఘనమీటర్ల నీరు పక్క గేటు ద్వారా దిగువకు సాగిపోయేలా, కరెంటు లేకపోయినా తనంతట తానే తెరుచుకునే బైపాస్ ఉండాలి. అది లేకపోతే ఎగువ గట్టు పొంగుతుంది, దిగువ ఆయకట్టుకు నీరు ఆగుతుంది.